ఒకే రొయ్య, నాలుగు పరిశ్రమలు

ఎంబీఏ పిల్లలకు కేస్ స్టడీ వ్యాసం రాయమంటే ఎక్కువమంది విమాన సంస్థల గురించో, కూల్‌డ్రింకుల గురించో రాసుకొస్తారు. పాఠ్యపుస్తకాల్లో ఉండేవి అవే మరి. ఆ ఏడాది మాత్రం ఒకమ్మాయి రొయ్యల గురించి రాసింది. వాళ్లది పశ్చిమ గోదావరి జిల్లా. నాన్న ఆరెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామీ పెంచుతారు. చిన్నప్పటి నుంచి చూసిన విషయం కాబట్టి పన్నెండు పేజీలు ఏకబిగిన రాసేసింది. ఐదు శక్తుల్లో ఒక్కోదానికి రెండు పేజీలు, ప్రతిదాని చివరా "ఎక్కువ", "మధ్యస్థం", "తక్కువ" అని ఒక తీర్పు. ఎగుమతులు పెరుగుతున్నాయి, గిరాకీ ఉంది, కాబట్టి రొయ్యల పరిశ్రమ ఆకర్షణీయమైనదని ఆఖరి వాక్యం.

"మీ నాన్నగారికి కూడా ఆకర్షణీయంగానే ఉందా అమ్మా?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. "నాన్నకి పోయినేడు రెండు పంటలూ నష్టమే సార్. మేత డీలరుకి మాత్రం నష్టం వచ్చిందని ఎప్పుడూ వినలేదు" అంది.

ఆ పన్నెండు పేజీల్లో లేని విషయం ఆ ఒక్క మాటలో ఉంది. ఐదు శక్తుల పద్ధతి పుట్టిందే అలాంటి ప్రశ్న కోసం. ఒకే సరుకు చుట్టూ తిరిగేవాళ్లలో ఒకరికి లాభం నిలుస్తుంది, ఇంకొకరికి చేతికొచ్చినట్టే వచ్చి జారిపోతుంది. ఎందుకు?

ఈ పద్ధతిని రూపొందించిన మైఖేల్ పోర్టర్ మొదట ఇంజినీరింగ్ చదివి, తర్వాత హార్వర్డ్‌లో వ్యాపార శాస్త్రం, ఆర్థికశాస్త్రం చదివాడు. 1979లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో ఇది లోకానికి తెలిసింది, మరుసటి ఏడాది పుస్తకమైంది. అప్పటికే ఆర్థికవేత్తలు కొన్ని పరిశ్రమల్లో లాభాలు ఏళ్ల తరబడి ఎక్కువగా ఎందుకుంటాయో, పోటీ పెంచి వాటిని ఎలా తగ్గించాలో పరిశోధిస్తున్నారు. పోర్టర్ ఆ పరిశోధనను వ్యాపారి వైపు నుంచి చదివాడు. లాభాన్ని హరించే శక్తులు ఏవో తెలిస్తే, వాటి తాకిడి తక్కువున్న చోట నిలబడవచ్చు కదా అన్నాడు. పోటీదారుడంటే పక్క దుకాణంవాడు ఒక్కడే కాదన్నది అతని అసలు మాట. మనకు సరుకు అమ్మేవాడు, మన దగ్గర కొనేవాడు, రేపు కొత్తగా రాబోయేవాడు, మన సరుకు పని ఇంకోరకంగా తీర్చేవాడు, వీళ్లంతా మన లాభంలో వాటా కోసం పోటీ పడేవాళ్లే. మనతో నేరుగా తలపడేవాళ్లతో కలిపి మొత్తం ఐదు శక్తులు.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. మా అమ్మాయి వ్యాసమూ ఇంతవరకు సరిగ్గానే ఉంది. అది దారి తప్పింది శీర్షికలోనే. "రొయ్యల పరిశ్రమ" అని రాసింది. అలాంటి పరిశ్రమ ఒకటి లేదు.

చెరువులో రొయ్య మన చేతికి రావాలంటే కనీసం నాలుగు వ్యాపారాలు దాటాలి. హేచరీ పిల్లను, అంటే సీడ్‌ను తయారుచేస్తుంది. మేత కంపెనీ మేత చేస్తుంది. రైతు పెంచుతాడు. ప్రాసెసింగ్ ప్లాంటు తల తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించి ఎగుమతి చేస్తుంది. వీటిలో ఒకదానికి కొనుగోలుదారు ఇంకొకదానికి సరఫరాదారు. నాలుగింటినీ ఒకే గంపలో వేస్తే రైతు మీద మేత కంపెనీ చూపే బలం కనపడకుండా పోతుంది, ఇద్దరూ "పరిశ్రమ లోపలే" ఉన్నారు కాబట్టి. అందుకే వ్యాసం మొదటి పేరాలో చేయాల్సిన పని గీత గీయడం. ఎవరి స్థానంలో నిలబడి చూస్తున్నాం, ఏ సరుకు, ఏ ప్రాంతం అనేది చెప్పాలి. మేం గీసిన గీత ఇది: ఆంధ్ర తీరంలో, చిన్న, మధ్యతరహా చెరువుల్లో వనామీ రొయ్యను పెంచి ప్లాంట్లకు అమ్మే రైతులు. మిగతా మూడు వ్యాపారాలూ గీతకు అవతల ఉన్నాయి.

గీత గీశాక లెక్క. శక్తులు ఎంత బలంగా ఉన్నాయో విశేషణాలతో తేలదు, అవి ఎంత డబ్బు పట్టుకెళ్తున్నాయో చూడాలి. అందుకని ఎకరం చెరువుకు ఒక ఉజ్జాయింపు లెక్క వేశాం. అంకెలు గుండ్రంగా వేసుకున్నవే, ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. లక్షన్నర సీడ్ వదిలారనుకుందాం. పిల్ల 40 పైసల చొప్పున 60 వేలు. వందకి డెబ్బై ఐదు బతికి, కిలోకి 50 తూగే సైజు వస్తే (దీన్నే 50 కౌంట్ అంటారు, కౌంట్ అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది) పట్టుబడి 2,250 కిలోలు. కిలో రొయ్యకు కిలో నాలుగు వందల గ్రాముల మేత తింటే 3,150 కిలోల మేత కావాలి. కిలో 95 చొప్పున దాదాపు 3 లక్షలు. లీజు, కరెంటు, డీజిలు, మందులు, ఖనిజాలు, కూలీ అన్నీ కలిపి 2 లక్షల 20 వేలు. మొత్తం ఖర్చు 5 లక్షల 80 వేలు. కిలో 300కి అమ్మితే వచ్చేది 6 లక్షల 75 వేలు. మిగిలేది 95 వేలు.

ఈ లెక్కలో మేత ఒక్కటే ఖర్చులో సగం పైన. మేత కిలోకి 5 రూపాయలు పెరిగితే 95 వేలలో దాదాపు 16 వేలు పోతాయి. రొయ్య ధర కిలోకి 40 తగ్గితే 90 వేలు పోతాయి, అంటే మూడు నాలుగు నెలల కష్టం దాదాపు సున్నా. ఎటువైపు నుంచి ఎంత దెబ్బ తగులుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఇవి చేతిలో పెట్టుకుని శక్తుల దగ్గరికి పోతే చూపు మారుతుంది.

సరఫరాదారులతో మొదలుపెడదాం. మా అమ్మాయి మొదటి ప్రతిలో "మేత కంపెనీలు చాలా ఉన్నాయి, రైతు ఏ బ్రాండైనా కొనుక్కోవచ్చు, కాబట్టి సరఫరాదారుల బలం తక్కువ" అని ఉంది. పుస్తకం ప్రకారం తప్పుపట్టడానికి లేదు. నిజానికి పెద్ద వాటా కొద్ది కంపెనీలదే అయినా, బస్తాల మీద పేర్లు మాత్రం చాలానే కనిపిస్తాయి. కానీ బలం కంపెనీల సంఖ్యలో లేదు, అప్పులో ఉంది.

"మీ నాన్నగారు మేత ఎలా కొంటారు?" అని అడిగాను.

"డీలరు దగ్గర ఖాతా సార్. పట్టుబడి అయ్యాక కడతారు."

"బ్రాండు మార్చాలంటే?"

"పాత బాకీ తీర్చాలి కదండీ."

పోర్టర్ దీన్నే మారడానికయ్యే ఖర్చు అంటాడు. సరఫరాదారుణ్ణి వదిలి ఇంకొకరి దగ్గరికి వెళ్లాలంటే మనమేం కోల్పోతామో అది. రొయ్యల రైతుకు ఆ ఖర్చు బస్తా ధరలో కనిపించదు. పాత బాకీ, అప్పు మీద కొన్నందుకు రొక్కం ధరకంటే ఎక్కువ పడే మొత్తం, మధ్యలో మేత ఆగితే చెరువుకు జరిగే నష్టం, అన్నీ కలిసిందే ఆ ఖర్చు. రొయ్య రోజుకు మూడు నాలుగు సార్లు తింటుంది. మేత ఆపి బేరమాడే వీలు ఎవరికీ లేదు. పది బ్రాండ్లున్న ఊళ్లో కూడా సీడ్ వదిలిన రోజు నుంచి ఆ రైతుకు ఉన్నది ఒకే దుకాణం.

సీడ్ సంగతి ఇంకోరకం. వనామీ మన సముద్రపు రొయ్య కాదు. పసిఫిక్ తీరంలో, మెక్సికో నుంచి పెరూ దాకా దొరికే జాతి. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ మన టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. ఆ తర్వాత చాలాకాలానికి, 2009లో, వనామీ పెంపకానికి అనుమతి వచ్చింది. వ్యాధిరహితమైన తల్లి రొయ్యలను ఎక్కువగా విదేశాల్లో ఉన్న కొద్ది సంస్థల నుంచే తెప్పిస్తారు. అలా తెప్పించినవి చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటితేనే హేచరీకి చేరతాయి. అంటే హేచరీ యజమాని కూడా తన సరఫరాదారు చేతిలోనే ఉన్నాడు. ఆ భారంలో కొంత రైతుకు నాణ్యత రూపంలో దిగుతుంది. 40 పైసల పిల్ల బాగుందో లేదో రైతుకు తెలిసేది ముప్పై రోజుల తర్వాత, చెక్ ట్రేలో మేత మిగిలిపోవడం మొదలయ్యాక. సరుకు నాణ్యత కొనేటప్పుడు తెలియకపోవడం కూడా అమ్మేవాడి బలమే.

ఇక కొనుగోలుదారులు. దీని దగ్గర ఆగి, పట్టుబడి రోజును గట్టు మీద నిలబడి చూడాలి.

ఎండెక్కకముందే వల దిగుతుంది. తూము దగ్గర నీళ్లు తగ్గించి ఉంటారు. ఒడ్డున ఐస్ పెట్టెలు, క్రేట్లు, కాటా, ప్లాంటు తరఫున వచ్చిన ఏజెంటు. మొదటి వలలో పడ్డ రొయ్యల్లోంచి కిలో తూచి, పరదా మీద పోసి లెక్కపెడతారు. రైతు నలభై తొమ్మిదో యాభయ్యో అనుకుంటూ చూస్తుంటాడు. యాభై రెండు వస్తుంది. ఇంకోసారి లెక్క. యాభై ఒకటి. రెండు కౌంట్ల తేడాకు కిలో మీద కొన్ని రూపాయలు పోతాయి, రెండు టన్నుల మీద అది వేలల్లో ఉంటుంది. గుల్ల మెత్తగా ఉన్నవాటిని వేరుచేసి ధర తగ్గిస్తారు. ఇదంతా జరుగుతున్నప్పుడు రొయ్య నీళ్లలోంచి బయటికి వచ్చేసి ఉంది. చచ్చిన రొయ్యకు మిగిలింది గంటల లెక్క. "ఈ ధర నాకు గిట్టదు, తీసుకుపో నీ కాటా" అనడానికి ఆ క్షణంలో ఏ రైతుకూ వీలుండదు.

వల వేయకముందు అనొచ్చు కదా? అనొచ్చు, కానీ ఆగిన ప్రతిరోజూ మేత ఖర్చు, ఏరేటర్ల కరెంటు, వ్యాధి భయం. సరుకు నిల్వ ఉంచుకునే శక్తి ఒకరికి ఉండి మరొకరికి లేకపోతే బేరం అక్కడే తేలిపోతుంది. ప్లాంటుకు కోల్డ్ స్టోరేజీ ఉంది, ఒలిచి గడ్డకట్టించిన రొయ్య నెలల తరబడి ఆగుతుంది. రైతు రొయ్య ఆగదు. పైగా ఒక ప్లాంటు వందలమంది రైతుల దగ్గర కొంటుంది. ఒక రైతు రాకపోయినా దానికి పెద్ద తేడా ఉండదు.

ఈ బలం ఎంత వేగంగా పనిచేస్తుందో 2025 ఏప్రిల్‌లో చూశాం. ఏప్రిల్ 2న అమెరికా మన సరుకుల మీద అదనపు సుంకం ప్రకటించింది. మన రొయ్యకు అతి పెద్ద విపణి అమెరికాయే. సుంకం ఇంకా అమల్లోకి రాలేదు, అమెరికా రేవులో ఒక్క కంటెయినరు మీదా అది పడలేదు, అయినా ఇక్కడ చెరువుల దగ్గర కొనుగోలు ధరలు రోజుల్లోనే పడిపోయాయి. ప్రకటించిన సుంకంలో చాలా భాగాన్ని ఏప్రిల్ 9న తొంభై రోజులు వాయిదా వేశారు. ఆగస్టు 27 నాటికి అదే సుంకం 50 శాతానికి చేరింది. సుంకం కట్టేది అమెరికాలోని దిగుమతిదారు. ఆ బరువును అతను ఎగుమతిదారు మీదకు, ఎగుమతిదారు ఏజెంటు మీదకు, ఏజెంటు రైతు మీదకు నెడతాడు. రైతు నెట్టడానికి ఇంకెవరూ లేరు. గొలుసులో ఒకరి కంటే ఒకరు బలహీనులైతే బరువు చివరివాడి దగ్గర ఆగుతుంది.

ఎగుమతిదారుకు అన్యాయం చేయకూడదు, అతని తరఫునా ఒక మాట చెప్పాలి. అతనిది బలవంతుడి బతుకేమీ కాదు. అవతల పెద్ద పెద్ద చిల్లర గొలుసుకట్టు సంస్థలు, దిగుమతిదారులు ఉన్నారు. మన రొయ్యల మీద అమెరికా డంపింగ్ వ్యతిరేక సుంకం 2005 నుంచి ఉంది. ఒక కంటెయినరులో నిషేధిత యాంటీబయోటిక్ ఆనవాలు దొరికితే సరుకంతా వెనక్కి వస్తుంది. ప్రాసెసింగ్ పరిశ్రమకు విడిగా గీత గీసి చూస్తే అక్కడ కూడా కొనుగోలుదారుల శక్తే బలంగా కనిపిస్తుంది. అదీ మొదటి పేరాలో గీత ఎందుకు ముఖ్యమో చెప్పేది.

సరఫరాదారు, కొనుగోలుదారు అని పుస్తకం వేర్వేరు గడుల్లో పెట్టిన ఇద్దరు మన చెరువు దగ్గర ఒక్కటవుతారు. మా అమ్మాయి వ్యాసంలో నాకు నచ్చిన పేరా ఇదే, అది ఆమె స్వయంగా కనిపెట్టింది. చాలా ఊళ్లలో పెట్టుబడికి అప్పిచ్చినవాడే పట్టుబడి ఎవరికి వెళ్లాలో చెబుతాడు. మేత బాకీ ఉన్న డీలరో, చేబదులు ఇచ్చిన ఏజెంటో "మనవాళ్లకే ఇద్దాం లెండి" అంటాడు. కాదనడం కుదరదు. అప్పుడు రైతు ఒకే ముడితో రెండు వైపులా బిగుసుకుంటాడు. కొనేటప్పుడు ధర అడగలేడు, అమ్మేటప్పుడు ఇంకో ఏజెంటును పిలవలేడు. ఐదు శక్తులను ఐదు పేజీల్లో విడివిడిగా రాసే వ్యాసానికి ఈ ముడి ఎప్పటికీ దొరకదు. శక్తుల మధ్య తాడు ఎక్కడుందో వెతకడమే విశ్లేషణ.

కొత్తగా వచ్చేవాళ్ల విషయానికి వస్తే, గేటు లేని తోట ఇది. వరి పొలాన్ని లీజుకు తీసుకుని, గట్లు పోసి, బోరు వేసి, ఏరేటర్లు పెడితే రైతు అయిపోవచ్చు. లైసెన్సు కావాలి, అనుమతులు కావాలి, అయినా అవి ఎవరినీ పెద్దగా ఆపలేదు. 2009 తర్వాత ధరలు బాగున్న ఏళ్లలో గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరిచేలు చెరువులైన వేగం చూసినవాళ్లకు దీనికి సాక్ష్యం అక్కర్లేదు. మంచి ధర ఒక పంటకాలం నిలిస్తే చాలు, మరుసటి పంటకు కొత్తవాళ్లు వచ్చేస్తారు. పోర్టర్ మాటల్లో, ప్రవేశం తేలికైనప్పుడు లాభం తానే తన శత్రువులను పిలుచుకొస్తుంది.

వచ్చినంత తేలికగా వెళ్లడం ఉండదు. ఇది ప్రత్యర్థుల మధ్య పోటీ అనే శక్తిలో రాయాల్సిన విషయం, విద్యార్థులు ఎక్కువగా మర్చిపోయేదీ ఇదే. ఉప్పునీరు నిలిచిన నేల మళ్లీ వరికి రావడానికి ఏళ్లు పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్, ఏరేటర్లు, జనరేటర్ అమ్మితే పెట్టిన డబ్బులో ఎంతో రాదు. లీజు అడ్వాన్సు ముందే కట్టేశారు. డీలరు బాకీ తీరాలంటే ఇంకో పంట వేయాల్సిందే. అందుకే నష్టం వచ్చిన రైతు కూడా సీడ్ వదులుతాడు, ధర పడినా సరుకు తగ్గదు. క్రాప్ హాలిడే ప్రకటిస్తామని రైతులు అన్నప్పుడు అందరూ ఆగడం ఎందుకంత కష్టమో ఇక్కడ అర్థమవుతుంది. పక్కవాళ్లు ఆగితే మనకు ధర వస్తుంది కదా అని ప్రతివాళ్లకీ అనిపిస్తుంది. మనసులో బాకీ కూడా మెదులుతుంది.

పోటీ అనగానే పక్క చెరువు రైతు గుర్తొస్తాడు, కానీ అతను మన ప్రత్యర్థిలా ప్రవర్తించడు. ఏరేటరు పాడైతే తనది ఇస్తాడు. అసలు ప్రత్యర్థి పసిఫిక్ అవతల ఉన్నాడు. ఈక్వడార్ ఇప్పుడు ఏటా 10 లక్షల టన్నులకు పైగా రొయ్య ఉత్పత్తి చేస్తోంది. అక్కడ చెరువులు చాలా పెద్దవి, ఎకరానికి వదిలే పిల్లలు తక్కువ, అమెరికాకు దూరం తక్కువ. అన్నిటికన్నా పెద్ద తేడా నిర్మాణంలో ఉంది. అక్కడి పెద్ద కంపెనీల్లో కొన్నిటికి హేచరీ, మేత, చెరువు, ప్లాంటు అన్నీ ఒకే చేతిలో ఉన్నాయి. ఇక్కడ మనం నాలుగు వ్యాపారాలుగా విడదీసి, వాటి మధ్య లాగులాట చూస్తున్నాం. అక్కడ ఆ లాగులాటలో చాలా భాగం ఒకే కంపెనీ ఖాతా పుస్తకంలో కలిసిపోతుంది. ఒకే రొయ్య, ఒకే కొనుగోలుదారు, కానీ ఐదు శక్తుల పటం వేరు. పరిశ్రమ నిర్మాణం అంటే ఇదేనని పిల్లలకు చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

మా అమ్మాయి మొదటి ప్రతిలో ఈక్వడార్ రొయ్యను ప్రత్యామ్నాయాల గడిలో పెట్టింది. చాలామంది చేసే పొరపాటు అది. ఈక్వడార్ రొయ్య కూడా రొయ్యే, కాబట్టి అది ప్రత్యర్థి. ప్రత్యామ్నాయం అంటే వేరే వస్తువు అదే అవసరం తీర్చడం. అమెరికాలో రాత్రి భోజనానికి రొయ్య బదులు కోడిమాంసమో, తిలాపియానో, సాల్మనో తింటే అవీ ప్రత్యామ్నాయాలు. రొయ్య ధర ఒక హద్దు దాటకుండా అవి పైకప్పులా ఉంటాయి. మన రైతు వరకు దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. ఐదు శక్తులకూ సమానంగా పేజీలు పంచాలన్న నియమం ఎక్కడా లేదు.

ఇక్కడ అమ్మాయి ఒక మంచి ప్రశ్న అడిగింది. "మరి వైరస్ సార్? మా నాన్నకి అన్నిటికన్నా భయం అదే. అది ఏ శక్తి?"

చాలా వ్యాసాల్లో ఇలాంటప్పుడు ఆరో శక్తి ఒకటి పుట్టుకొస్తుంది. వ్యాధి, ప్రభుత్వం, సాంకేతికత, వాతావరణం అని పేర్లు పెడతారు. పోర్టర్ దీనికి ఒప్పుకోలేదు. ప్రభుత్వం లాంటివి శక్తులు కావు, శక్తులను మార్చే కారణాలు అన్నాడు. ఇది మాటల పట్టింపులా కనిపిస్తుంది గానీ పనిచేసే తేడా. "వ్యాధి ఒక శక్తి" అని రాసి ఊరుకుంటే ఏమీ తెలియదు. వ్యాధి ఏ శక్తి ద్వారా రైతు డబ్బు తీసుకుపోతుందని అడిగితే దారి కనిపిస్తుంది.

అరవయ్యో రోజున తెల్లమచ్చ కనిపించిందనుకోండి. రొయ్యలు గట్టువారకు వచ్చేస్తాయి, మేత ముట్టవు. రేపటికి సగం చెరువు పోవచ్చు. రాత్రికి రాత్రే పట్టేయాలి. కొన్ని రొయ్యలు చస్తాయి, అది వ్యాధి చేసిన నష్టం. మిగిలినవి ఇంకా 100 కౌంట్‌లోనే ఉన్నాయి, చిన్న సైజు కాబట్టి ధర తక్కువ. ఆ పైన, ఈ చెరువుకు వైరస్ వచ్చిందని, ఇవాళే అమ్మక తప్పదని ఏజెంటుకు తెలుసు. చుట్టుపక్కల నాలుగు చెరువులు కూడా ఆ రాత్రే పట్టుబడికి వస్తే ఐస్ దొరకదు, లారీ దొరకదు. నిన్నటి దాకా కొంచెమైనా ఉన్న బేరం ఆ రాత్రి పూర్తిగా పోతుంది. అంటే వ్యాధి చేసే నష్టంలో పెద్ద ముక్క కొనుగోలుదారుల శక్తి ద్వారానే వస్తోంది. ఇలా విడదీశాక చేయగలిగింది కనిపిస్తుంది. వైరస్‌ను ఆపడం ఒక్క రైతు చేతిలో లేకపోవచ్చు. పది చెరువులవాళ్లు కలిసి ఐస్, కాటా, రెండో ఏజెంటు ఫోన్ నంబరు సిద్ధంగా ఉంచుకోవడం వాళ్ల చేతిలో ఉంది.

ప్రభుత్వాన్నీ ఇలాగే చూడాలి. 2022లో ధరలు పడినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసి కౌంట్లవారీగా ధరలు ప్రకటించింది. కొనుగోలుదారుల శక్తి మీద నేరుగా చెయ్యి వేయడం అది. ధర ప్రకటించడం ఒక ఎత్తు, ఆ ధరకు కొనే లారీ ఆ రోజు గట్టుకు రావడం ఇంకో ఎత్తు. రొయ్య ఆగలేని సరుకుగా ఉన్నంతకాలం కాగితం మీది ధరకు బలం తక్కువే.

చివరగా గీతను జరిపి, మేత కంపెనీ కుర్చీలో కూర్చుని అదే చెరువును చూశాం. సరఫరాదారులు సోయా, చేపపొడి, గోధుమపిండి అమ్మేవాళ్లు. ఇవి బజారు సరుకులు, ఎవరి దగ్గరైనా కొనొచ్చు, కానీ ధర పెరిగితే అందరికీ ఒకేసారి పెరుగుతుంది. 2021లో సోయాపిండి ధర ఎగబాకి, చివరకు కేంద్రం దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాది మేత వ్యాపారంలో కూడా లాభాలు నలిగాయి. కొనుగోలుదారులు చెదిరి ఉన్న వేలమంది రైతులు, అప్పుతో కట్టుబడి ఉన్నారు. కొత్తవాళ్లు రావాలంటే ఫ్యాక్టరీ కట్టడం తేలికే, ఊరూరా అప్పివ్వగల డీలర్లను, "ఈ మేత వేస్తే కౌంట్ వస్తుంది" అన్న రైతు నమ్మకాన్ని సంపాదించడం కష్టం. రైతుకు సంకెలైన అప్పే మేత కంపెనీకి ప్రహరీ గోడ. డీలరుకి నష్టం ఎప్పుడూ రాలేదని ఆ అమ్మాయి అన్న మాట పూర్తిగా నిజం కాదు. బాకీలు మునిగిన డీలర్లూ ఉన్నారు. కానీ ఆ గోడ వెనక ఉన్నవాడికి చెడ్డ ఏడాది కూడా రైతు చెడ్డ ఏడాది అంత చెడ్డగా ఉండదు.

రెండో ప్రతి తొమ్మిది పేజీలే వచ్చింది. ప్రత్యామ్నాయాలకు అర పేజీ, కొనుగోలుదారులకు మూడు పేజీలు. "ఎక్కువ, మధ్యస్థం, తక్కువ" అన్న పట్టిక తీసేసి, ఎకరం లెక్క పెట్టి, ఏ శక్తి కిలోకి ఎన్ని రూపాయలు కదిలించగలదో పక్కన రాసింది. ఆకర్షణీయమా కాదా అన్న తీర్పు బదులు ఒక వాక్యం ఉంది: ఈ రైతుకు మొదట సడలించుకోవాల్సింది ధర ముడి కాదు, అప్పు ముడి.

ఆ వాక్యం ఇంట్లో వాళ్ల నాన్నకు చదివి వినిపించిందట. ఆయన వెంటనే ఏమీ అనలేదట. తర్వాతి పంటకు ఆరెకరాల్లో రెండెకరాల చెరువు ఒకటి విడిగా పెట్టి, దానికి సీడ్ తక్కువ వదిలి, మేత మాత్రం రొక్కం పెట్టి కొన్నారు. పట్టుబడి ముందురోజు ఆ చెరువు కోసం ముగ్గురు ఏజెంట్లకు ఫోన్ చేశారని, అలా ముగ్గురితో మాట్లాడటం తను పుట్టాక ఇదే మొదటిసారని ఆ అమ్మాయి చెప్పింది. మిగతా నాలుగెకరాలూ పాత ఖాతాలోనే ఉన్నాయి.